ఫొటోలో చెరిగిన అంకెను లెక్కతో పట్టుకోవడం

నెట్‌వర్కింగ్ నేర్చుకుంటున్న ఎవరి ఫోన్‌లో వెతికినా ఇలాంటి ఫొటో ఒకటి దొరుకుతుంది. బోర్డు మీద రాసిన పట్టికను వెనక బెంచీ నుంచి తీసిందో, జిరాక్స్ మీద జిరాక్స్ తీసిన ప్రశ్నపత్రాన్ని ఎవరో వాట్సాప్‌లో పంపిందో అయి ఉంటుంది. ఎడమ గడిలో ఒక ఐపీ అడ్రస్, పక్క గడిలో స్లాష్ పెట్టి ఒక సంఖ్య ఉంటాయి. ఆ తర్వాతి మూడు గడులు మనం నింపాలి: నెట్‌వర్క్ అడ్రస్, బ్రాడ్‌కాస్ట్ అడ్రస్, వాడుకోదగ్గ హోస్టుల సంఖ్య. అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ కోచింగ్‌లో చేరినవారికైనా, కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ పేపరు రాసేవారికైనా ఈ పట్టిక తప్పదు.

ఫొటో మసకగా ఉంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. అది 26 కావచ్చు, 28 కావచ్చు. 77 అనిపించింది 17 కూడా కావచ్చు. నిజానికి ఈ లెక్కకు ఉన్న కట్టుబాట్లు చాలా గట్టివి. ఏ అంకె పోతే జవాబు మారుతుందో, ఏది పోయినా నష్టం లేదో అవే చెబుతాయి. చాలాసార్లు పోయిన అంకెను కూడా అవే పట్టిస్తాయి. ఈ పట్టికను ఉదాహరణగా తీసుకుందాం. మూడో వరుసలో స్లాష్ తర్వాతి రెండో అంకె అలికేసినట్టుంది. ఆ వరుసలో బ్రాడ్‌కాస్ట్ గడి మాత్రం ముందే నింపి ఉంది.

```
192.168.10.77    /26
172.16.45.200    /20
192.168.5.130    /2?    192.168.5.143
192.168.1.96     /27
10.20.30.41      /30
```

ముందు ఆ స్లాష్ సంగతి తేల్చుకుందాం. ఐపీ అడ్రస్ మనకు నాలుగు సంఖ్యలుగా కనిపించినా యంత్రానికి అది 32 బిట్ల వరుస. ఒక్కో సంఖ్యకు 8 బిట్లు. అందుకే ఏ సంఖ్యా 255 దాటదు. 32 బిట్లలో మొదటి కొన్ని నెట్‌వర్క్‌కు చెందుతాయి, మిగిలినవి ఆ నెట్‌వర్క్‌లోని ఒక్కో యంత్రానికి, అంటే హోస్టుకు చెందుతాయి. ఆ కోత ఎక్కడ పడిందో స్లాష్ తర్వాతి సంఖ్య చెబుతుంది. /26 అంటే మొదటి 26 బిట్లు నెట్‌వర్క్‌వి, చివరి 6 బిట్లు హోస్టువి.

మొదటి వరుస చూద్దాం: 192.168.10.77, /26. మొదటి మూడు సంఖ్యలకే 24 బిట్లు అయిపోయాయి కాబట్టి కోత నాలుగో సంఖ్యలో, రెండు బిట్ల తర్వాత పడింది. అంటే మన పనంతా 77తోనే. మిగిలిన 192.168.10 అలాగే కిందికి దిగుతుంది. 77ను బైనరీలో రాసి, మొదటి రెండు బిట్లు ఉంచి, మిగతా ఆరింటినీ సున్నాలు చేస్తే నెట్‌వర్క్ అడ్రస్. అదే ఆరింటినీ ఒకట్లు చేస్తే బ్రాడ్‌కాస్ట్ అడ్రస్.

```
77          01 001101
నెట్‌వర్క్    01 000000  = 64
బ్రాడ్‌కాస్ట్  01 111111  = 127
```

జవాబులు 192.168.10.64, 192.168.10.127. ఆరు బిట్లతో 2^6, అంటే 64 అడ్రసులు వస్తాయి. మొదటిది నెట్‌వర్క్ పేరుగా, చివరిది అందరికీ ఒకేసారి కబురు పంపడానికి పోగా 62 మిగులుతాయి. అవి 65 నుంచి 126 వరకు.

ప్రతిసారీ బైనరీ రాయాల్సిన పని లేదు. ఎందుకో చెప్పడానికి రైలు చాలు. స్లీపర్ బోగీలో ఎనిమిదేసి బెర్తులు ఒక బే. మీది 29 అయితే మీ బే 25తో మొదలై 32తో ముగుస్తుందని బోగీ ఎక్కకముందే చెప్పగలరు. సబ్‌నెట్ కూడా అంతే. తేడాలు రెండే: ఇక్కడ లెక్క 1 నుంచి కాక 0 నుంచి మొదలవుతుంది, బే సైజు పట్టికలోని వరుసను బట్టి మారుతుంది. /26కి బే సైజు 64. కనుక బేలు 0, 64, 128, 192 దగ్గర మొదలవుతాయి. 77 రెండో దానిలో పడింది. తర్వాతి బే 128 దగ్గర మొదలవుతుంది కాబట్టి మనది 127తో ముగుస్తుంది.

బే సైజు పట్టుకోవడానికి సబ్‌నెట్ మాస్క్ ఉపయోగపడుతుంది. /26ను మాస్క్‌గా రాస్తే 255.255.255.192. కోత పడిన చోటి సంఖ్యను 256 నుంచి తీసేస్తే 64 వస్తుంది. మాస్క్‌లో ఆ చోట ఏ సంఖ్య పడితే ఆ సంఖ్య రాదు. ఒకట్లన్నీ ఎడమవైపు వరుసగా ఉండాలి కాబట్టి 0, 128, 192, 224, 240, 248, 252, 254, 255 మాత్రమే వస్తాయి. ఫొటోలో 255.255.255.246 అని కనిపిస్తే మీరు తప్పు చదివారన్నమాటే. అది 240 కానీ 248 కానీ అయి ఉండాలి. మసక ఫొటో చదివేవారికి ఇంతకన్నా గట్టి ఆధారం లేదు.

ఇక మొదటి వరుసలో 77 సరిగ్గా కనిపించలేదనుకోండి. చివరి అంకె 7 అయినా, 1 అయినా, 9 అయినా, 70 నుంచి 79 వరకు అన్నీ 64-127 మధ్యే ఉంటాయి. జవాబు మారదు. మొదటి అంకె 1 అయి అది 17 అయితే మాత్రం బే మారిపోతుంది: నెట్‌వర్క్ 0, బ్రాడ్‌కాస్ట్ 63. కాబట్టి ఫొటోను పెద్దది చేసి చూడాల్సింది ఆ పదుల అంకెనే.

రెండో వరుసలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 172.16.45.200, /20. మొదటి రెండు సంఖ్యలకు 16 బిట్లు పోయాయి, ఇంకా 4 కావాలి. కోత మూడో సంఖ్యలో, 45 దగ్గర పడింది. మాస్క్ 255.255.240.0. 256 నుంచి 240 తీసేస్తే బే సైజు 16. 0, 16, 32, 48 అని లెక్కపెట్టుకుంటూ వెళితే 45 అనేది 32కూ 48కీ మధ్య ఉంది. నెట్‌వర్క్ 172.16.32.0. బ్రాడ్‌కాస్ట్ కోసం తర్వాతి బే మొదలయ్యే 48కి ఒకటి ముందు ఆగాలి, నాలుగో సంఖ్య నిండా ఒకట్లు పెట్టాలి: 172.16.47.255. హోస్టు బిట్లు 12, అడ్రసులు 4096, వాడుకోదగ్గవి 4094. ఇందులో 200 ఎక్కడా పనిలోకి రాలేదు గమనించండి. ఆ సంఖ్య మొత్తం చెరిగిపోయినా ఈ మూడు గడులూ నింపవచ్చు.

పిల్లలు ఎక్కువగా తప్పేది ఈ వరుసలోనే. తప్పులు మూడు రకాలుగా ఉంటాయి. కొందరు బ్రాడ్‌కాస్ట్ గడిలో 172.16.45.255 అని రాస్తారు. కోత ఎక్కడ పడినా సరే, చివరి సంఖ్య 255 చేస్తే చాలనుకోవడం వల్ల వచ్చిన తప్పు అది. కొందరు 172.16.47.0 దగ్గర ఆగిపోతారు. మూడో సంఖ్య సరిచేసి నాలుగోదాన్ని మర్చిపోయారు. బ్రాడ్‌కాస్ట్ అంటే హోస్టు బిట్లన్నీ ఒకట్లే కాబట్టి అది ఎప్పుడూ బేసి సంఖ్యతోనే ముగుస్తుంది. నెట్‌వర్క్ అడ్రస్ సరి సంఖ్యతో ముగుస్తుంది. 47.0 అని రాసిన వెంటనే ఈ ఒక్క తనిఖీతో తప్పు బయటపడుతుంది.

మూడో తప్పు వెనక చరిత్ర ఉంది. 172తో మొదలైంది కదా, ఇది బి క్లాసు, నెట్‌వర్క్ 172.16.0.0 అని రాసేవారు ఉన్నారు. ఒకప్పుడు అది సరైన పద్ధతే. తొలి రోజుల్లో మొదటి సంఖ్యను చూసే ఏ, బి, సి క్లాసులుగా విడదీసి, కోత 8, 16, 24 బిట్ల దగ్గరే వేసేవారు. బి క్లాసు నెట్‌వర్క్ చేతికొచ్చిన సంస్థకు 65,534 హోస్టులు ఒకే కుప్పగా వచ్చేవి. ఆ కుప్పను సంస్థ లోపల చిన్న ముక్కలుగా కోసుకునే పద్ధతిని జెఫ్రీ మోగల్, జాన్ పోస్టెల్ 1985 ఆగస్టులో ఆర్‌ఎఫ్‌సీ 950 అనే పత్రంలో ప్రమాణంగా రాశారు. సబ్‌నెట్ అలా స్థిరపడింది. 1993లో సైడర్ పద్ధతి వచ్చి క్లాసులనే పక్కన పెట్టింది. కోత ఏ బిట్ దగ్గరైనా పడవచ్చు, ఎక్కడ పడిందో స్లాష్ పెట్టి చెప్పాలి. మన పట్టికలో రెండో గడి ఉన్నది అందుకే. అది ఉన్నప్పుడు క్లాసు చూడకూడదు. మూడు దశాబ్దాలు దాటినా మన పాఠ్యపుస్తకాలు క్లాసులతోనే పాఠం మొదలుపెడతాయి. చరిత్రగా చెబితే మంచిదే. లెక్కకు పునాదిగా చెప్పడమే ఈ తప్పులకు కారణమని నా అభిప్రాయం.

ఈ వరుస వదిలే ముందు ఇంకొక్క మాట. 172.16.40.0, 172.16.40.255 అనే అడ్రసులు ఈ నెట్‌వర్క్‌లో ఏమవుతాయి? సున్నాతో ముగిసింది కాబట్టి నెట్‌వర్క్ అనీ, 255తో ముగిసింది కాబట్టి బ్రాడ్‌కాస్ట్ అనీ అనిపిస్తుంది. రెండూ కావు. 32.0కీ 47.255కీ మధ్యలో ఉన్న మామూలు హోస్టు అడ్రసులే అవి. 4094లో అవీ ఉన్నాయి.

ఇక అలికిన వరుస. 192.168.5.130, /2 తర్వాత ఏదో అంకె. 6 లాగానూ ఉంది, 8 లాగానూ ఉంది. బ్రాడ్‌కాస్ట్ గడిలో 192.168.5.143 స్పష్టంగా కనిపిస్తోంది. ఊహించాల్సిన పని లేదు. బ్రాడ్‌కాస్ట్ 143 అంటే తర్వాతి బే 144 దగ్గర మొదలవుతుంది. బేలన్నీ తమ సైజు గుణిజాల దగ్గరే మొదలవుతాయి కాబట్టి 144ను బే సైజు నిశ్శేషంగా భాగించాలి. 64తో భాగిస్తే మిగులుతుంది. అంటే /26 కాదు. 32తోనూ మిగులుతుంది, /27 కూడా పోయింది. 16తో సరిపోతుంది: తొమ్మిది పదహార్లు 144. ఎనిమిదితోనూ, నాలుగుతోనూ కూడా సరిపోతుంది. కానీ బే సైజు 8 అయితే 143తో ముగిసే బే 136 దగ్గర మొదలవుతుంది. అందులో 130 లేదు. 4 అయితే 140 నుంచి, అందులోనూ లేదు. మిగిలింది 16 ఒక్కటే. బే 128 నుంచి 143 వరకు, 130 అందులోనే ఉంది. 16 అడ్రసులంటే 4 హోస్టు బిట్లు, 32లోంచి 4 పోతే 28. చెరిగిన అంకె 8. నెట్‌వర్క్ 192.168.5.128, వాడుకోదగ్గ హోస్టులు 14.

ఇంకోవైపు నుంచి కూడా సరిచూసుకోవచ్చు. అది /26 అయి ఉంటే 130 పడే బే 128-191, బ్రాడ్‌కాస్ట్ 191 అయ్యేది. ఫొటోలోని 143ను 191గా పొరబడటం కష్టం. ఇలా ఒక గడి ఇంకో గడికి సాక్ష్యం చెప్పడం ఈ పట్టికలో నాకు బాగా నచ్చే సంగతి. ఐదు గడుల్లో ఏవైనా రెండు, మూడు నిక్కచ్చిగా తెలిస్తే మిగిలినవాటిని చాలావరకు రాబట్టవచ్చు. బ్రాడ్‌కాస్ట్ గడి కూడా ఖాళీగా ఉండి, హోస్టుల గడిలో 14 అని ఉన్నా చాలు. రెండు కలిపితే 16, కనుక /28.

అయితే దీనికీ హద్దు ఉంది. 192.168.5.130 ఒక్కటే కనిపిస్తూ, పక్కన /2? తప్ప మరే గడీ నింపి లేకపోతే ఏ లెక్కా సాయపడదు. /24 నుంచి /29 వరకు ప్రతిదీ చెల్లే జవాబే అవుతుంది. అప్పుడు ఫొటో పంపినవారిని అడగాల్సిందే. అన్ని జవాబులూ రాసేసి ఏదో ఒకటి సరిపోతుందనుకోవడం వల్ల మార్కులు రావు, పనీ జరగదు.

నాలుగో వరుస 192.168.1.96, /27. బే సైజు 32. 0, 32, 64, 96. సరిగ్గా 96 దగ్గరే బే మొదలవుతోంది. నెట్‌వర్క్ 192.168.1.96, బ్రాడ్‌కాస్ట్ 192.168.1.127, హోస్టులు 30. ఇచ్చిన అడ్రసే జవాబుగా రావడం చూసి లెక్క తప్పిందేమోనని దిద్దేసుకునేవారున్నారు. తప్పలేదు. పరీక్షించడానికే ఇలాంటి వరుస పెడతారు. అనుబంధంగా ఈ అడ్రస్‌ను కంప్యూటర్‌కు ఇవ్వవచ్చా అని అడిగితే, అది నెట్‌వర్క్ పేరు కనుక ఇవ్వకూడదన్నది జవాబు.

ఐదోది తేలిక. 10.20.30.41, /30. బే సైజు 4. 40 దగ్గర మొదలై 43 దగ్గర ముగుస్తుంది, మధ్యలో 41, 42 మాత్రమే మిగులుతాయి. రెండు రూటర్లను ఒకే తీగతో కలిపే చోట సరిగ్గా రెండు అడ్రసులే కావాలి కాబట్టి అక్కడ దీన్ని వాడతారు. అలాంటి చోట నాలుగింటిలో రెండు వృథా ఎందుకని 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 3021 పత్రం /31ను కూడా అనుమతించింది. అక్కడ ఉన్న రెండు అడ్రసులనూ రెండు చివరలకు ఇచ్చేస్తారు, రెండు తీసేసే సూత్రం వర్తించదు. పట్టికలో /31 కనిపిస్తే హోస్టులు సున్నా అని రాయమనే అధ్యాపకులూ ఉన్నారు, రెండు అని రాయమనేవారూ ఉన్నారు. మీ సిలబస్ ఏది అంటోందో అడిగి రాయండి.

రెండు తీసేసే సూత్రం ఇంకొన్ని చోట్ల కూడా పూర్తిగా సరిపోదు. ఆఫీసులో /26 ఇస్తే 62 కంప్యూటర్లు పెట్టుకోవచ్చని ధీమాగా కొనుగోలు చేయకండి. బయటికి దారి చూపే గేట్‌వే రూటర్‌కు ఒక అడ్రస్ పోతుంది, ప్రింటర్లకూ వైఫై పెట్టెలకూ కొన్ని పోతాయి. అమెజాన్ క్లౌడ్‌లో అయితే ప్రతి సబ్‌నెట్‌లో ఐదు అడ్రసులు వాళ్లే ఉంచుకుంటారు, మొదటి నాలుగూ చివరిదీ. అక్కడ /24లో మీకు మిగిలేవి 254 కావు, 251.

ఈ గడులు తప్పు నింపితే ఆఫీసులో ఏమవుతుందో ఒక్కసారి చూద్దాం. ఒక ఆఫీసు 192.168.10.0ను నాలుగు /26లుగా కోసి విభాగానికొకటి ఇచ్చిందనుకోండి. అకౌంట్స్ విభాగంలో ఉన్న 77వ నంబరు కంప్యూటర్‌కు గేట్‌వే 65. ప్రింటర్ ఇంకో విభాగంలో 140 మీద ఉంది. కంప్యూటర్‌లో మాస్క్ 255.255.255.192 పెట్టాల్సిన చోట ఎవరో అలవాటుగా 255.255.255.0 పెట్టారు. దాంతో ఆ కంప్యూటర్‌కు 0 నుంచి 255 వరకు అందరూ తన విభాగంవాళ్లే అనిపిస్తారు. 140కి ప్రింట్ పంపాల్సి వస్తే గేట్‌వేను అడగదు. తన తీగ మీదే 140 ఎవరని కేకేస్తుంది. ఆ కేక రూటర్ దాటి అవతలికి వెళ్లదు, జవాబు రాదు. విండోస్‌లో పింగ్ కొట్టి చూస్తే ఇలా వస్తుంది:

```
Reply from 192.168.10.77: Destination host unreachable.
```

జవాబిచ్చిన అడ్రస్ మీ సొంత కంప్యూటర్‌దే కావడం ఇక్కడి ఆనవాలు. ఇంటర్నెట్ మాత్రం చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, ఎందుకంటే బయటి అడ్రసులన్నీ గేట్‌వే మీదుగానే వెళతాయి. పక్క సీటు కంప్యూటరూ పలుకుతుంది. అందుకే మాస్క్ మీద ఎవరికీ అనుమానం రాదు, ప్రింటర్ పాడైందనుకుని మెకానిక్‌ను పిలుస్తారు. కొన్ని రూటర్లు అవతలివారి తరఫున తామే పలికే ఏర్పాటుతో ఉంటాయి. అప్పుడు ఈ తప్పు నెలల తరబడి దాక్కుని, రూటర్ మార్చిన రోజు బయటపడుతుంది. `ipconfig` అని కొట్టి సబ్‌నెట్ మాస్క్ వరుసను పక్క కంప్యూటర్‌తో పోల్చి చూడటం అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని.

చేత్తో నింపిన జవాబులను సరిచూసుకోవడానికి పైథాన్ ఉంటే మూడు లైన్లు చాలు:

```python
import ipaddress
n = ipaddress.ip_interface("172.16.45.200/20").network
print(n.network_address, n.broadcast_address, n.num_addresses - 2)
```

ఇది 172.16.32.0, 172.16.47.255, 4094 అని చూపిస్తుంది. చేత్తో చేశాకే దీన్ని వాడండి. పరీక్ష హాల్లో ఇది ఉండదు. అంతేకాదు, మీరు ఫొటోలోంచి తప్పు చదివిన అంకెను ఇది పట్టుకోదు. /28ని /26గా టైపు చేస్తే /26కి సరైన జవాబునే ఇస్తుంది. ఆ తప్పును పట్టుకునేది 143ను చూసి ఆగే మీ కన్నే.

పట్టికలు తయారుచేసే అధ్యాపకులకు ఒక విన్నపం. స్లాష్ సంఖ్య పక్కనే మాస్క్‌ను కూడా పూర్తిగా రాయండి, లేదా హోస్టుల గడిలోనో బ్రాడ్‌కాస్ట్ గడిలోనో ఒకటి నింపి ఇవ్వండి. మీ బోర్డు ఎలాగూ ఫొటోగానే ఇంటికి వెళుతుంది. ఒక్క గడి అదనంగా ఉంటే, మసకబారిన అంకెను విద్యార్థి తనంతట తానే రాబట్టుకోగలడు.